కొటేషన్లు ఎవరు తెస్తారు?

హైదరాబాద్‌లో 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు ఒకటి ఉందనుకుందాం. రెండు లిఫ్టుల్లో ఒకటి తరచూ మొరాయిస్తోంది. జూన్ 8 ఆదివారం సాయంత్రం సెల్లార్‌లో కుర్చీలు వేసి ఓనర్లంతా మీటింగ్ పెట్టుకున్నారు. గంటన్నర మాట్లాడుకుని, టీ తాగి వెళ్ళిపోయారు. ఆ రాత్రే 105లో ఉండే సెక్రటరీ గారు అందరికీ పంపాల్సిన మెయిల్ రాశారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, పద్ధతి తెలిసినవారు. పంపేముందు 401లో ఉండే అమ్మాయికి చూపించి, "ఒకసారి చదివి సరిచేసి పెట్టమ్మా" అన్నారు. ఊరెళ్ళడం వల్ల ఆమె మీటింగ్‌కి రాలేదు. ఆ మెయిల్ ఇలా ఉంది:

> సబ్జెక్ట్: మీటింగ్ గురించి
>
> అందరికీ నమస్కారం. ఈ రోజు మీటింగ్‌కి వచ్చినవారందరికీ ధన్యవాదాలు. లిఫ్ట్ విషయం వివరంగా చర్చించాం. ప్రస్తుత కంపెనీ సర్వీసు బాగోలేదని 304 వారు చెప్పారు. కొత్త లిఫ్ట్ వేయించడమే మంచిదని 502 వారు అభిప్రాయపడ్డారు. ఖర్చు ఎక్కువవుతుందని కొందరు అన్నారు. చివరికి ముందు రోప్‌లు మార్పించి చూద్దామని అనుకున్నాం. ఫ్లాటుకి 3,000 దాకా పడొచ్చు. మూడు కొటేషన్లు తెప్పించాలి. ట్యాంకర్ల బిల్లు పెరుగుతోంది కాబట్టి ఫ్లాటుకో నీటి మీటరు పెట్టించే విషయం కూడా చూడాలి. గెస్టుల బండ్ల గురించి వాచ్‌మన్‌కి చెప్పాలి. కమిటీ వీలైనంత త్వరగా ఈ పనులన్నీ చూస్తుంది. మీ సహకారం కోరుతూ, సెక్రటరీ.

ఇందులో అబద్ధం లేదు, మర్యాదకు లోటు లేదు, అక్షరదోషాలు కూడా లేవు. ఆ అమ్మాయి రెండు కామాలు సరిచేసి "బాగుంది అంకుల్" అనవచ్చు. అలా అంటే రెండు వారాల తర్వాత కూడా లిఫ్ట్ ఇలాగే ఉంటుంది. ఆఫీసుల్లోనైనా అపార్ట్‌మెంట్లలోనైనా ఇలాంటి మెయిల్‌ని పంపేముందు చదవడమంటే భాష దిద్దడం అని చాలామంది అనుకుంటారు. అసలు పని వేరు. మీటింగ్‌లో ఏది తేలింది, ఏ పని ఎవరి మీద పడింది, అది ఎప్పటికి అవుతుంది అన్న మూడు సంగతులు మీటింగ్‌కి రాని మనిషికి కూడా తెలుస్తున్నాయా అని చూడటం. ఆ లెక్కన 401 అమ్మాయి మీటింగ్‌కి రాకపోవడమే మంచిదైంది. వచ్చినవాళ్ళు మెయిల్లోని ఖాళీలను తమ జ్ఞాపకంతో పూరించుకుంటూ చదివేస్తారు. ఆమెకు పూరించుకోవడానికి ఏమీ లేదు.

మొదటిసారి చదివేటప్పుడు ఆమె చూడవలసింది వాక్యాల చివర క్రియలు. చర్చించాం, చెప్పారు, అభిప్రాయపడ్డారు, అన్నారు. ఇవన్నీ మాటలు జరిగాయని చెప్పే క్రియలు. పనులు జరుగుతాయని చెప్పేవి కావు. సెక్రటరీ గారి మెయిల్లో మొదటి సగం మొత్తం ఇవే. సభల నిర్వహణకు నియమాల పుస్తకం రాసిన హెన్రీ రాబర్ట్ అనే అమెరికా సైనిక ఇంజినీరు 1876లోనే దీనికొక కట్టుబాటు పెట్టాడు: సభ్యులు ఏమన్నారో రాయక్కర్లేదు, సభ ఏం చేసిందో రాయాలి. మినిట్స్ పుస్తకం కోసం చెప్పిన మాట అది, మెయిల్‌కి ఇంకా బాగా వర్తిస్తుంది. ఎవరు ఏమన్నారో రాయడం వల్ల చోటు వృథా కావడమొక్కటే కాదు, తగాదాలు కూడా వస్తాయి. "నేను సర్వీసు బాగోలేదనలేదు, ఆలస్యమవుతోందన్నాను" అని 304 ఆయన జవాబు పెడతారు. దాని మీద పది జవాబులు వస్తాయి, రోప్‌ల సంగతి అడుగున పడిపోతుంది. ఎవరైనా తన అభ్యంతరాన్ని రాసి పెట్టమని ప్రత్యేకంగా అడిగితే దాన్ని మినిట్స్ పుస్తకంలో తప్పక రాయాలి. అందరికీ వెళ్ళే ఈ మెయిల్లో మాత్రం అభిప్రాయాల పేరాని నిర్మొహమాటంగా తీసేయవచ్చు.

అది తీసేశాక మిగిలేవాటిలో నిర్ణయంలా కనిపించేది ఒకే ఒక్క వాక్యం: "ముందు రోప్‌లు మార్పించి చూద్దామని అనుకున్నాం." ఇక్కడ ఆమె ఆగాలి. అనుకున్నాం అంటే అందరూ ఒప్పుకున్నట్టా, లేక ఆఖర్న మాట్లాడిన మనిషి అన్న మాటకి ఎవరూ అడ్డుచెప్పలేదనా? దీన్ని "నిర్ణయించాం" అని మార్చడం క్షణంలో పని. కానీ అలా మార్చే హక్కు ఆమెకు లేదు. మెయిల్లో మాట మసకగా ఉందంటే చాలాసార్లు మీటింగ్‌లోనే అది మసకగా ఉండిపోయిందని అర్థం. చదివే మనిషి దాన్ని తన ఊహతో గట్టి వాక్యంగా మారిస్తే, జరగని నిర్ణయం జరిగినట్టు 48 ఇళ్ళకు చేరుతుంది. అందుకని ఫోన్ తియ్యాలి.

"అంకుల్, రోప్‌లు మార్చడానికి అందరూ ఒప్పుకున్నారా?"

"చేతులెత్తమన్నాం కదమ్మా. వచ్చిన 31 మందిలో 26 మంది ఎత్తారు."

"ఏ లిఫ్ట్‌కి?"

"వెనక లిఫ్ట్‌కే. ముందుది బాగానే ఉందిగా."

"ఆ సంగతి మెయిల్లో లేదంకుల్. మరి మూడు వేలు?"

"అదా, అంతకు మించితే ఇవ్వలేమన్నారు అందరూ. మించితే మళ్ళీ మీటింగ్ పెడదామనుకున్నాం."

ఈ నాలుగు మాటల్లో ఎన్ని బయటపడ్డాయో చూడండి. చేతులెత్తి తేల్చుకున్న గట్టి నిర్ణయం "అనుకున్నాం"లో మునిగిపోయింది. ఏ లిఫ్టో రాయనేలేదు, ఎందుకంటే సెల్లార్‌లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ అది తెలుసు. "3,000 దాకా పడొచ్చు" అన్నది అంచనాలా కనబడుతోంది గానీ నిజానికి అది ఓనర్లు గీసిన గీత. 48 ఫ్లాట్లకు మూడు వేల చొప్పున 1,44,000 రూపాయలు. కొటేషన్ అంతకు దాటితే కమిటీ సొంతంగా ముందుకు వెళ్ళడానికి వీల్లేదు. ఇంత ముఖ్యమైన షరతు "పడొచ్చు" అన్న మాట కింద కనబడకుండా పోయింది. మెయిల్లో అంకె కనిపించిన ప్రతిచోటా ఇలాగే అడగాలి: ఇది అంచనానా, హద్దా, లేక ఇప్పటికే ఖాయమైన మొత్తమా? మూడింటికీ జనం వేరువేరుగా స్పందిస్తారు.

తర్వాతి చిక్కు పనులది. "మూడు కొటేషన్లు తెప్పించాలి", "వాచ్‌మన్‌కి చెప్పాలి", "మీటర్ల విషయం చూడాలి." మనం మాట్లాడుకునేటప్పుడు ఈ వాక్యాలు ఎక్కడా కుంటినట్టు అనిపించవు. తెలుగులో కర్త లేకుండానే వాక్యం నిండుగా వినిపిస్తుంది. మీటింగ్ మెయిల్‌కి ఈ సౌకర్యమే ముప్పు. కాబట్టి "ఆలి"తో ముగిసే ప్రతి వాక్యం ముందూ "ఎవరు?" అని పెట్టి చదవాలి. కొటేషన్లు ఎవరు తెప్పించాలి? జవాబు మెయిల్లో లేదు. మెయిల్ చివర "కమిటీ చూస్తుంది" అని ఉంది గదా అనవచ్చు. కమిటీలో ఏడుగురున్నారు. ఏడుగురిలో ప్రతివారూ మిగిలిన ఆరుగురిలో ఎవరో ఒకరు చూస్తున్నారనే అనుకుంటారు.

ఇది మనుషుల బద్ధకం వల్ల జరిగేది కాదు. 1968లో జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక్కో విద్యార్థిని విడి గదిలో కూర్చోబెట్టి ఇంటర్‌కమ్‌లో మాట్లాడించారు. మధ్యలో అవతలి మనిషికి మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తుంది. అది తనకొక్కడికే వినబడుతోందనుకున్నవారిలో 85 శాతం మంది, ఆ మూర్ఛ తగ్గేలోగానే సాయం కోసం గదిలోంచి బయటికి వచ్చారు. తనతోపాటు ఇంకో నలుగురు వింటున్నారనుకున్నవారిలో అలా వచ్చినవారు 31 శాతమే. ప్రాణాపాయం వినబడుతున్నప్పుడే ఇలా ఉంటే, లిఫ్ట్ కొటేషన్ విషయంలో కమిటీ సభ్యుల్ని తప్పుపట్టి లాభం లేదు. బాధ్యత ఒక్కరి మీద ఉందని ఆ ఒక్కరికి తెలిసేలా రాయడమే దారి. యాపిల్ కంపెనీలో ప్రతి పనికీ నేరుగా జవాబుదారీగా ఉండే ఒక్క మనిషి పేరు రాసిపెట్టే అలవాటు ఉందని 2011లో ఫార్చూన్ పత్రిక రాసింది. అంత పెద్ద కంపెనీకి పనికొచ్చిన పద్ధతి ఏడుగురి కమిటీకీ పనికొస్తుంది.

అమ్మాయి మళ్ళీ అడిగింది.

"కొటేషన్లు ఎవరు తెస్తారంకుల్?"

"304 ఆయన ఒకటి తెస్తానన్నారు. 502 ఆయనకి కూడా ఎవరో తెలుసట, ఆయనొకటి. మూడోది ఎవరో ఒకరు తెస్తార్లేమ్మా."

మూడోది రాదని ఇక్కడే తెలిసిపోయింది. మిగిలిన రెండూ వచ్చినా వేరువేరుగా వస్తాయి. ఒకదాంట్లో జీఎస్టీ కలిసి ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ఒకరు రోప్‌లకు మాత్రమే ధర ఇస్తారు, ఇంకొకరు బిగించే కూలీ కూడా కలుపుతారు. అలాంటి రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. "304, 502 కలిసి కొటేషన్లు తెస్తారు" అని రాసినా ఇదే గొడవ. పని ఇద్దరు చేసినా మెయిల్లో పేరు ఒక్కరిదే ఉండాలి. రెండో మనిషి ఆ మొదటివారికి ఏం అందించాలో రాయాలి. మూడు కొటేషన్లకూ 304 ఆయన బాధ్యులైతే, 502 ఆయన తనది తెచ్చి 304కి ఇస్తారు, మూడోది ఎక్కడినుంచి తేవాలో 304 ఆయనే చూసుకుంటారు.

కానీ ఆయన్ని అడక్కుండా ఆయన పేరు రాయకూడదు. ఇది చాలా ఆఫీసుల్లో జరిగే అన్యాయం. మీటింగ్‌లో లేని మనిషి పేరుతోనో, అక్కడ ఉన్నా నోరు విప్పని మనిషి పేరుతోనో పని రాసి అందరికీ పంపేస్తారు. ఆ మనిషికి తన పని గురించి తెలిసేది ఆ మెయిల్లోనే. నలుగురి ముందూ కాదనలేక ఊరుకుంటాడు, పని మాత్రం కాదు. సెక్రటరీ గారు 304కి ఒక్క ఫోన్ చేస్తే ఈ బాధ తప్పుతుంది. చేశారు. ఆయన ఒప్పుకున్నారు, ఇంకో సంగతి కూడా చెప్పారు: కంపెనీ ఇంజినీరు వచ్చి లిఫ్ట్ చూసి వెళ్ళాకే ధర చెబుతారు, దానికి వారం పైనే పడుతుంది, కాబట్టి జూన్ 20 అని రాయండి. గడువు రావలసింది ఇలా, పని చేసే మనిషి నోటి నుంచి. సెక్రటరీ గారు తనకు తోచినట్టు "ఆదివారంకల్లా" అని రాసి ఉంటే మొదటి గడువే తప్పేది. ఒక గడువు తప్పాక మెయిల్లోని మిగతా తేదీలను కూడా ఎవరూ పట్టించుకోరు.

తేదీల్ని ఎలా రాయాలో కూడా చూడాలి. "వీలైనంత త్వరగా" అన్నది తేదీ కాదు. "వచ్చే ఆదివారం" అన్నదీ నమ్మదగినది కాదు. ఆదివారం రాత్రి రాసినవారికి అది జూన్ 15. సోమవారం తెరిచి చదివేవారిలో కొందరికి 15, కొందరికి 22. "నెలాఖరుకి", "ఈ వారంలో" అన్నవీ ఇంతే. తేదీ, వారం రెండూ రాస్తే ఒకదానికొకటి కాపలా కాస్తాయి. జూన్ 20 గురువారం అని పొరపాటున రాస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఉత్త 20 అని రాస్తే అది 21 అవ్వాల్సిందని ఎవరికీ తెలియదు. అందుకే చదివే మనిషి క్యాలెండరు పక్కన పెట్టుకుని ప్రతి తేదీనీ సరిచూడాలి. ఈ అపార్ట్‌మెంటులో 503 ఓనరు డాలస్‌లో ఉంటారు. జవాబు అడిగే మెయిల్లో టైము కూడా రాసి, అది మన టైమని చెప్పాలి. ఇక్కడ బుధవారం రాత్రి 8 అయితే వేసవిలో అక్కడ అదే బుధవారం పొద్దున 9.30. అక్కడి రాత్రి 8 దాకా టైముందని ఆయన అనుకుంటే ఆయన మాట లెక్కలోకి రాకుండా పోతుంది.

ఇక నీటి మీటర్లు. "చూడాలి" అని రాశారు గానీ ఏమీ తేలలేదు, టీ వచ్చేసిందని సెక్రటరీ గారే చెప్పారు. ఇలాంటి విషయాన్ని తీసేయడమా, ఉంచడమా? తీసేస్తే దాన్ని లేవనెత్తిన 407 ఆవిడ తన మాటకు విలువ లేదనుకుంటారు. పనుల మధ్య ఉంచితే సగం మంది మీటర్లు వచ్చేస్తున్నాయనుకుంటారు, అద్దెకున్నవాళ్ళు బిల్లు ఎవరు కడతారని గొడవపడతారు. దీన్ని విడిగా పెట్టి, నిర్ణయం కాలేదని ఆ మాటల్లోనే చెప్పి, మళ్ళీ ఎప్పుడు ఎవరు తెస్తారో రాయాలి. నా మటుకు మొత్తం మెయిల్లో ఎక్కువ మేలు చేసేది ఈ చిన్న భాగమే. తేలిన విషయాల్ని జనం ఎలాగో గుర్తుపెట్టుకుంటారు. తేలని వాటి గురించే ఎవరికి తోచినట్టు వాళ్ళు నమ్ముతారు.

ఫోన్ పెట్టేశాక ఆమె తిరగరాసింది:

> సబ్జెక్ట్: వెనక లిఫ్ట్‌కి కొత్త రోప్‌లు, కొటేషన్లు జూన్ 20కి (జూన్ 8 మీటింగ్)
>
> అందరికీ నమస్కారం.
>
> నిర్ణయాలు
> వెనక లిఫ్ట్‌కి రోప్‌లు మార్పిస్తాం. కొత్త లిఫ్ట్ ఇప్పుడు వేయించం. (31 మందిలో 26 మంది ఒప్పుకున్నారు.)
> మొత్తం ఖర్చు రూ. 1,44,000 దాటకూడదు, అంటే ఫ్లాటుకి రూ. 3,000. దాటితే మళ్ళీ ఓనర్ల మీటింగ్ పెడతాం. ఇప్పుడు ఎవరూ డబ్బు కట్టక్కర్లేదు.
>
> పనులు
> 304: జీఎస్టీ, బిగింపు కూలీ కలిపి మూడు కొటేషన్లు కమిటీకి మెయిల్ చేస్తారు. జూన్ 20 శుక్రవారం సాయంత్రం 6 లోగా. 502 వారు తమ కొటేషన్ 304కి ఇస్తారు.
> 202 (ట్రెజరర్): మూడింటినీ పోల్చిన పట్టిక, జూన్ 22 ఆదివారం కమిటీ కూర్చునేలోగా.
> 105 (సెక్రటరీ): గెస్టుల బండ్లు గేటు బయటే పెట్టించమని వాచ్‌మన్‌కి చెబుతారు. జూన్ 9 సోమవారం.
>
> ఇంకా తేలనిది
> నీటి మీటర్లు. నిర్ణయం ఏదీ కాలేదు. జూలై 6 ఆదివారం మీటింగ్‌లో 407 వారు ఖర్చు వివరాలతో మాట్లాడతారు.
>
> ఇందులో ఏదైనా తప్పుగా రాశామనిపిస్తే జూన్ 11 బుధవారం రాత్రి 8 (ఇండియా టైము) లోగా ఈ మెయిల్‌కే జవాబివ్వండి.

"ఇప్పుడు ఎవరూ డబ్బు కట్టక్కర్లేదు" అన్న వాక్యం మీటింగ్‌లో ఎవరూ అనలేదు. అయినా 48 ఇళ్ళలో మెయిల్ తెరిచిన ప్రతివారికీ మొదట వచ్చే అనుమానం అదే కాబట్టి ఆమె సెక్రటరీ గారిని అడిగి చేర్చింది. "కొటేషన్లు తెస్తారు" అనకుండా "కమిటీకి మెయిల్ చేస్తారు" అని రాయడం వెనకా కారణం ఉంది. 304 ఆయన బీరువాలో మూడు కాగితాలుంటే పని అయినట్టా కాదా అన్న తర్కం రాకూడదు. పని పూర్తయిందని పక్కవాళ్ళకి కనబడే రూపంలో రాయాలి.

చివరిసారి చదవాల్సింది ఫోన్‌లో, తనకే ఒక కాపీ పంపుకుని. సబ్జెక్ట్‌లో మొదటి మూడు నాలుగు మాటలే నోటిఫికేషన్‌లో కనబడతాయి. అందుకే వెనక లిఫ్ట్ ముందుకు వచ్చి, మీటింగ్ తేదీ చివరికి వెళ్ళింది. తర్వాత 202 ఆవిడ కళ్ళతో చదవాలి: నా నంబరు వెంటనే దొరుకుతోందా? పని పేరుతో కాకుండా మనిషి నంబరుతో వాక్యం మొదలుపెట్టింది అందుకే. రంగులు, లావుపాటి అక్షరాలు, పట్టికల మీద ఆధారపడకపోవడం మంచిది. ఈ మెయిల్‌ని ఎవరో ఒకరు కాపీ చేసి వాట్సాప్ గ్రూపులో పెడతారు, అక్కడ ఆ హంగులు పోతాయి. లైన్లు విడగొట్టిన తీరు, వరస మాత్రం మిగులుతాయి. పైగా లావు అక్షరాలు నాలుగైదు చోట్ల దాటితే ఏది ముఖ్యమో మళ్ళీ తెలియదు. పని ఉన్న ముగ్గురినీ, మీటర్ల విషయం తెచ్చే 407 ఆవిడనీ, సాయం చేసే 502 ఆయననీ "టు"లో, మిగిలినవాళ్ళని "సీసీ"లో పెడితే వాళ్ళకి తమ వంతు ఉందని విడిగా తెలుస్తుంది.

పంపాక మార్పులొస్తాయి. బుధవారంలోగా ఎవరో "26 కాదు, 25 చేతులే లేచాయి" అనవచ్చు. అప్పుడు మెయిల్‌ని చడీచప్పుడు లేకుండా దిద్ది కొత్తగా పంపితే ఎవరి దగ్గర ఏ కాపీ ఉందో తెలియని గందరగోళం మొదలవుతుంది. ఆ మెయిల్‌కే జవాబుగా, ఏది మారిందో ఒక్క లైనులో రాసి, మిగతాదంతా అలాగే ఉందని చెప్పాలి. జూన్ 20న రెండు కొటేషన్లే వచ్చాయనుకోండి, అదీ ఇక్కడే రాయాలి: రెండు వచ్చాయి, మూడోది 304 వారు జూన్ 25 బుధవారం ఇస్తారు, కమిటీ 22న కాక 29 ఆదివారం కూర్చుంటుంది. 304 ఆయన ఈ సంగతి 20వ తేదీ సాయంత్రం దాకా ఆగకుండా రెండు రోజుల ముందే సెక్రటరీ గారికి చెబితే, ట్రెజరర్ తన ఆదివారాన్ని మార్చుకోగలుగుతారు.